మాక్ ఇంటర్వ్యూ: కెరీర్ కోచ్‌తో ఏర్పాటు, సన్నాహం, ఫీడ్‌బ్యాక్

ఉద్యోగ ఇంటర్వ్యూకు వెళ్లబోయే అభ్యర్థి, దానికి కొద్ది రోజుల ముందు అదే తీరులో కెరీర్ కోచ్ ఎదుట ఇచ్చే సాధన ఇంటర్వ్యూను మాక్ ఇంటర్వ్యూ అంటారు. కోచ్ అరగంట సేపు కంపెనీ మనిషిగా ఉండి ప్రశ్నలు వేస్తారు. ఆ తర్వాత ఆ పాత్ర వదిలేసి, ఏ జవాబు ఎలా వినిపించిందో, ఎక్కడ తడబడిందో అభ్యర్థితో కలిసి చూస్తారు. కుదిరితే బలహీనంగా వచ్చిన జవాబును అక్కడికక్కడే మళ్లీ చెప్పిస్తారు.

ఈ పద్ధతి చాలాచోట్ల చాలా రూపాల్లో ఉంది. సివిల్ సర్వీసెస్ మెయిన్స్ గట్టెక్కినవాళ్లకు ఢిల్లీ, హైదరాబాద్ కోచింగ్ సంస్థలు నమూనా బోర్డులు నడుపుతాయి. 275 మార్కుల ఆ పర్సనాలిటీ టెస్టు కోసం అభ్యర్థి నింపిన డీఏఎఫ్ ఫారాన్ని ముందు పెట్టుకుని నలుగురైదుగురు ప్రశ్నిస్తారు. ఇంజనీరింగ్ కాలేజీల్లో ప్లేస్‌మెంట్ సెల్ ఈ పని చేస్తుంది. ఈ వ్యాసం మాత్రం అమెరికా విశ్వవిద్యాలయాల కెరీర్ సెంటర్లలో జరిగే మాక్ ఇంటర్వ్యూ గురించి. అక్కడ అది కోచ్‌కూ విద్యార్థికీ మధ్య ఒక క్రమం ప్రకారం సాగుతుంది. చదువుతున్న విద్యార్థులకు మామూలుగా విడిగా రుసుము ఉండదు. ఎంఎస్‌కు వెళ్లిన మన పిల్లల్లో చాలామంది ఆ తలుపు తట్టేది ఆఖరి సెమిస్టర్‌లో, నిజమైన ఇంటర్వ్యూ రెండు రోజుల్లో ఉందనగా. అంత ఆలస్యంగా వస్తే తప్పు తెలుస్తుంది గాని, దిద్దుకునే వ్యవధి ఉండదు.

ఇంటర్వ్యూకు సాధన ఎందుకు కుదురుతుంది

ప్రశ్నలు ఎవరికి తోచినట్టు వాళ్లు అడిగే ఇంటర్వ్యూకు సాధన చేయడం కష్టం. ఇప్పుడు పెద్ద కంపెనీలు చాలావరకు అలా అడగవు. 1980లో గ్యారీ లేథమ్, ఆయన సహచరులు ‘ఫలానా పరిస్థితి వస్తే ఏం చేస్తారు’ అని అడిగే పద్ధతిని ప్రతిపాదించారు. 1982లో టామ్ జాంజ్ ‘గతంలో అలాంటి పరిస్థితి వచ్చినప్పుడు ఏం చేశారు’ అని అడిగే పద్ధతిని పరీక్షించారు. రెండింటిలోనూ ఉద్దేశం ఒకటే. ముందుగా ఆ ఉద్యోగానికి ఏ నైపుణ్యాలు కావాలో తేల్చుకోవాలి, ఆ నైపుణ్యాల మీదే అందరినీ ఒకే రకం ప్రశ్నలు అడగాలి, జవాబులకు ఒకే కొలబద్దతో మార్కులు వేయాలి. ఇలా క్రమం ప్రకారం నడిచే ఇంటర్వ్యూ, క్రమం లేని ఇంటర్వ్యూ కంటే పనితీరును మెరుగ్గా అంచనా వేస్తుందని ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ 1998లో పాత పరిశోధనలన్నీ కూడి చూపించారు. 2022లో పాల్ సాకెట్ బృందం ఆ లెక్కలను తిరగదోడి చాలా అంకెలను తగ్గించింది. అప్పుడు కూడా క్రమబద్ధమైన ఇంటర్వ్యూ జాబితాలో పైనే నిలిచింది.

అభ్యర్థికి దీనివల్ల ఒక మేలుంది. ఉద్యోగ ప్రకటన చదివితే, అడగబోయే ప్రశ్నల్లో సగం ముందే తెలుస్తాయి. ‘వేర్వేరు విభాగాలతో కలిసి పనిచేయగలగాలి’ అని ప్రకటనలో ఉందంటే, ‘వేరే విభాగం వాళ్లతో అభిప్రాయభేదం వచ్చిన సందర్భం చెప్పండి’ అనే ప్రశ్న దాదాపు ఖాయం. కోచ్ కూడా ప్రశ్నలు తయారు చేసుకునేది ఆ ప్రకటనను బట్టే. అందుకే ప్రకటన లేకుండా, ‘ఊరికే ఒకసారి ఇంటర్వ్యూ చేయండి’ అని వచ్చే అభ్యర్థికి ఊరికే ఇంటర్వ్యూ చేసినంత ఫలితమే దక్కుతుంది.

ఏర్పాటు

అపాయింట్‌మెంట్ తీసుకోవడం సులభం. విశ్వవిద్యాలయం వాడే పోర్టల్‌లో, చాలాచోట్ల అది హ్యాండ్‌షేక్, మాక్ ఇంటర్వ్యూ అనే రకాన్ని ఎంచుకుని ఖాళీగా ఉన్న సమయం పట్టుకోవాలి. మామూలు రెజ్యుమే సమీక్షకు అరగంట ఇస్తారు, మాక్ ఇంటర్వ్యూకు గంట పడుతుంది. రెండూ ఒకే అపాయింట్‌మెంట్‌లో కానిద్దామనుకుంటే రెజ్యుమే మీదే గంట గడిచిపోతుంది. కాబట్టి రెజ్యుమే పని ముందే ముగించుకోవాలి.

సమయం ఎంచుకోవడంలో ఒక లెక్క ఉంది. నిజమైన ఇంటర్వ్యూకు ఐదారు రోజుల ముందు మొదటి మాక్ పెట్టుకుంటే, విన్నదాన్ని సాధన చేయడానికి మూడు నాలుగు రోజులు చేతిలో ఉంటాయి, అవసరమైతే రెండోసారీ కుదురుతుంది. ఇంటర్వ్యూ పిలుపు రాకముందే ఒకటి చేసుకోవడం ఇంకా మంచిది. ఎఫ్-1 వీసా విద్యార్థులకు ఇది మరీ ముఖ్యం. చదువు ముగిశాక పనిచేయడానికి ఇచ్చే ఓపీటీ అనుమతి 12 నెలలు. అందులో ఉద్యోగం లేకుండా గడపగలిగేది మొత్తం మీద 90 రోజులు. సైన్సు, ఇంజనీరింగ్ కోర్సుల వాళ్లకు మరో 24 నెలల పొడిగింపు దొరుకుతుంది గాని, అది ఉద్యోగం చేతిలో ఉన్నవాళ్లకే. ఆ 90 రోజుల గడియారం మొదలయ్యాక సాధన మొదలుపెడితే, మొదటి రెండు మూడు నిజమైన ఇంటర్వ్యూలే మాక్ ఇంటర్వ్యూలైపోతాయి.

అపాయింట్‌మెంట్ ఖరారయ్యాక మంచి కోచ్ ఒక ఉత్తరం పంపుతారు. ఏం తెచ్చుకోవాలి, ఏం జరుగుతుంది, ఫీడ్‌బ్యాక్ ఎలా ఇస్తారు అనే మూడూ అందులో ఉండాలి. టెక్సాస్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో బిజినెస్ అనలిటిక్స్ ఎంఎస్ చదువుతూ, ఆరోగ్య బీమా కంపెనీలో డేటా అనలిస్ట్ ఉద్యోగానికి దరఖాస్తు చేసిన విద్యార్థిని ఒకరిని ఉదాహరణగా ఊహించుకుందాం. అంతకు ముందు ఆమె హైదరాబాద్‌లో మూడేళ్లు అప్లికేషన్ సపోర్ట్‌లో పనిచేసింది. ఆమెకు కోచ్ రాసే ఉత్తరం తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది:

“గురువారం మధ్యాహ్నం 2 గంటలకు జూమ్‌లో కలుద్దాం. మంగళవారం సాయంత్రం లోపు నాకు మూడు పంపండి: మీరు దరఖాస్తు చేసిన ఉద్యోగ ప్రకటన పూర్తి పాఠం (లింకు కాదు, అది ఎప్పుడైనా తీసేయవచ్చు), ఆ కంపెనీకి పంపిన రెజ్యుమే, ఇది ఏ రౌండో ఒక మాట. రిక్రూటర్ ఫోన్ కాలా, మేనేజర్‌తో ఇంటర్వ్యూనా అన్నదాన్ని బట్టి నా ప్రశ్నలు మారతాయి. మీకు ఏ ప్రశ్న అంటే భయమో కూడా రాయండి, దాన్ని తప్పకుండా అడుగుతాను.

“గురువారం నేను కాల్‌లో చేరిన క్షణం నుంచి 30 నిమిషాలు ఇంటర్వ్యూయర్‌గానే ఉంటాను. మధ్యలో ఆపి, ‘ఇప్పుడు సరిగ్గా చెప్పానా’ అని అడగకండి. తడబడితే నిజమైన ఇంటర్వ్యూలో ఎలా సర్దుకుంటారో అలాగే సర్దుకోండి. ఆ తర్వాత మీ జవాబుల్లో ఏది బాగుందో, ఏది మళ్లీ చెబుతారో ముందు మీరు చెబుతారు, తర్వాత నేను చెబుతాను. ఒకటి రెండు విషయాలకు మించి చెప్పను. ఒక జవాబును అప్పుడే మళ్లీ చెప్పిస్తాను. మీరు ఒప్పుకుంటే రికార్డు చేస్తాను, ఆ వీడియో మీకే ఇస్తాను. ఇక్కడి మాటలు మీ ప్రొఫెసర్‌కుగానీ కంపెనీకిగానీ వెళ్లవు.”

ఇందులో చివరి వాక్యాన్ని చాలామంది కోచ్‌లు రాయడం మరిచిపోతారు. కెరీర్ సెంటర్‌కు కంపెనీలతో సంబంధాలుంటాయని విద్యార్థులకు తెలుసు. ఇక్కడ బాగా చేయకపోతే తమ పేరు మీద చెడు మాట వెళ్తుందేమోనన్న జంకు ఉంటుంది. ఆ జంకు ఉన్న అభ్యర్థి తెలియనిదాన్ని దాచుకుని, తెలిసినదాన్నే మళ్లీ మళ్లీ చెప్పి గంట ముగిస్తారు. వాళ్ల బలహీనత ఎక్కడుందో ఎవరికీ తెలియకుండానే ఆ గంట అయిపోతుంది.

అభ్యర్థి సన్నాహం

మొదటి పని ప్రకటన మీదే. దాన్ని కాగితం మీద అచ్చు తీసుకుని, కోరిన ప్రతి నైపుణ్యం కిందా గీత గీసి, పక్కన తన అనుభవంలోంచి ఒక సంఘటన పేరు రాసుకోవాలి. మన విద్యార్థిని ప్రకటనలో ఎస్‌క్యూఎల్, రిపోర్టుల తయారీ, సాంకేతికం తెలియనివాళ్లకు వివరించడం, గడువులు పాటించడం అని ఉన్నాయి. మొదటి రెండింటికి సంఘటనలు సులభంగా దొరికాయి. మూడోదానికి ఏమీ తోచలేదు. అలా ఖాళీగా మిగిలిన చోటే ఆలోచన పెట్టాలి. హైదరాబాద్ ఉద్యోగంలో ఆమె ప్రతి నెలా ఫైనాన్స్ వాళ్లకు ఫోన్‌లో లెక్కలు విడమరిచి చెప్పేది. రోజువారీ పనిగా అలవాటైపోవడం వల్ల అదొక నైపుణ్యమని ఆమెకు తోచనే లేదు.

ఇలా ఐదారు సంఘటనలు పోగైతే చాలు. ఒక్కో సంఘటనను కాస్త తిప్పి చెబితే రెండు మూడు ప్రశ్నలకు సరిపోతుంది. వీటిని చెప్పే వరుసకు అమెరికాలో స్టార్ పద్ధతి అని పేరు. పరిస్థితి ఏమిటి, అందులో నా బాధ్యత ఏమిటి, నేనేం చేశాను, ఫలితం ఏమైంది అనే నాలుగు అంగలు అందులో ఉంటాయి. వరుస అందరికీ తెలుసు, పాళ్లే కుదరవు. రెండు నిమిషాల జవాబులో పరిస్థితికీ బాధ్యతకూ కలిపి అరనిమిషం మించకూడదు. ‘నేనేం చేశాను’ అన్నదానికి నిమిషం పైగా దక్కాలి. చివరి పావు నిమిషంలో ఫలితం చెప్పి ఆపేయాలి. తయారీలో జవాబు మొత్తం రాసుకోవద్దు. నాలుగు అంగలకు నాలుగు ముక్కలు, గుర్తుండాల్సిన అంకెలు, అంతే. మొత్తం రాసుకున్నవాళ్లు దాన్ని అప్పజెబుతారు. ప్రశ్న కొంచెం పక్కకు జరిగినా ఆ రాత అడ్డుపడుతుంది.

‘మీ గురించి చెప్పండి’ అన్న ప్రశ్నకు వేరే తయారీ కావాలి. మన పిల్లల్లో చాలామంది ఊరు, కుటుంబం, పదో తరగతి నుంచి మొదలుపెట్టి వరుసగా వస్తారు. ఇక్కడి క్యాంపస్ ఇంటర్వ్యూలో అది చెల్లుతుంది. అమెరికాలో అడిగేవాళ్లు ఎదురుచూసేది నిమిషంన్నర జవాబు: ఇప్పుడేం చేస్తున్నారు, ఈ ఉద్యోగానికి పనికొచ్చే ముందటి అనుభవం ఏమిటి, ఈ ఉద్యోగమే ఎందుకు. కుటుంబం గురించి వాళ్లు అడగరు. వయసు, పెళ్లి, మతం లాంటివి అడగకూడదని అక్కడి హెచ్ఆర్ శిక్షణలో నేర్పిస్తారు. అభ్యర్థి తనంతట తాను ఆ సంగతులు ఎత్తితే ఎదుటివాళ్లు ఇబ్బంది పడతారు.

వీసా ప్రశ్న విడిగా సాధన చేయాల్సిన మరో సంగతి. కంపెనీ రెండు విషయాలు అడగవచ్చు: అమెరికాలో పనిచేయడానికి మీకు చట్టపరమైన అనుమతి ఉందా, ఇప్పుడుగానీ ముందు ముందుగానీ మీకు స్పాన్సర్‌షిప్ అవసరమా. ఓపీటీ మీద ఉన్న విద్యార్థి జవాబు రెండు వాక్యాల్లో తేలిపోతుంది. ‘ఉంది, ఓపీటీ మీద ఫలానా తేదీ వరకు పనిచేయగలను, పొడిగింపుకు కూడా అర్హత ఉంది. ఆ తర్వాత హెచ్-1బీ స్పాన్సర్‌షిప్ కావాల్సి వస్తుంది.’ ఇంతే చెప్పి ఆగాలి. భయం ఉన్నవాళ్లు ఇక్కడే నాలుగు నిమిషాలు మాట్లాడతారు, లాటరీ గురించి, లాయరు ఖర్చుల గురించి కూడా చెబుతారు. కొందరు రెండో వాక్యాన్ని మింగేస్తారు. ఆన్‌లైన్ దరఖాస్తులో ఒకటి నింపి, నోటితో మరొకటి చెబితే అది ఎక్కడో ఒకచోట బయటపడుతుంది. తేదీలు, పొడిగింపు అర్హత వంటి వివరాలకు కోచ్‌ను నమ్ముకోకూడదు. అవి విశ్వవిద్యాలయం అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలోని డీఎస్‌వోను అడిగి ఖాయం చేసుకోవాలి. జవాబు ఎలా చెప్పాలన్నదే కోచ్ పని.

చివరగా, అభ్యర్థి అడగాల్సిన ప్రశ్నలు రెండు మూడు సిద్ధంగా ఉండాలి. ‘ఈ ఉద్యోగంలో మొదటి మూడు నెలల్లో నా నుంచి ఏం ఆశిస్తారు’ వంటిది చాలు. అడగడానికి ఏమీ లేదనడాన్ని అక్కడ మర్యాదగా తీసుకోరు, ఆసక్తి లేదని తీసుకుంటారు.

ఆ గంటలో జరిగేది

గంటలో దాదాపు సగం ఇంటర్వ్యూకు, మిగిలింది మాట్లాడుకోవడానికి. అరగంటలో ఐదారు ప్రశ్నలకు మించి పట్టవు, ఎందుకంటే ప్రతి జవాబు తర్వాత కోచ్ ఒకటి రెండు అనుబంధ ప్రశ్నలు వేస్తారు. ‘అది మీరే చేశారా, టీమ్‌లో వేరెవరైనా చేశారా?’ ‘వేరే దారి ఏమైనా ఆలోచించారా?’ ‘సమయం తగ్గిందని ఎలా కొలిచారు?’ జవాబు నిజంగా అభ్యర్థి అనుభవమేనా, ఎక్కడో విన్నదా అన్నది మొదటి జవాబులో తెలియకపోవచ్చు, రెండో అనుబంధ ప్రశ్న దగ్గర తప్పకుండా తెలుస్తుంది. రెజ్యుమేలో చేయని పని చేసినట్టు రాసుకున్నవాళ్లు దొరికిపోయేది ఇక్కడే. అలాంటిది బయటపడితే, ఆ జవాబును గట్టిగా చెప్పడం నేర్పడం కోచ్ పని కాదు, దాన్ని రెజ్యుమేలోంచి తీసేయమనడమే పని.

కోచ్ ప్రశ్నలు వేస్తూనే రాసుకుంటారు. ఆ రాతలో మంచిచెడ్డల తీర్పు కాకుండా అభ్యర్థి వాడిన మాటలే, నిమిషాలతో సహా ఉండాలి. మన విద్యార్థినిని ‘మీరు ఒక పద్ధతిని మెరుగుపరిచిన సందర్భం చెప్పండి’ అని అడిగినప్పుడు కోచ్ కాగితం మీద ఉన్నది ఇది:

0:00–2:40 కంపెనీ, క్లయింటు, టీమ్ నిర్మాణం. 2:40–3:30 ‘మేము రిపోర్టు ప్రక్రియను ఆటోమేట్ చేశాం’. 3:30–3:50 ‘చాలా సమయం ఆదా అయింది, క్లయింటు సంతోషించారు’. మేము – 9 సార్లు. నేను – 1.

‘జవాబు పొడుగైంది, స్పష్టత లేదు’ అని రాసుకుని ఉంటే, గంట తర్వాత దానితో చేయగలిగిందేమీ ఉండదు. ఈ కాగితంతో చేయగలిగింది చాలా ఉంది.

ఫీడ్‌బ్యాక్

ఫీడ్‌బ్యాక్ ఇస్తే మేలే జరుగుతుందనుకోవడం సహజం. ఆవ్రహామ్ క్లూగర్, ఆంజెలో డినీసి 1996లో అప్పటిదాకా జరిగిన ప్రయోగాలను కూడి చూసినప్పుడు సగటున మేలే కనిపించింది, కానీ మూడింట ఒక వంతుకు పైగా సందర్భాల్లో ఫీడ్‌బ్యాక్ తర్వాత పనితీరు తగ్గింది. వాళ్ల వివరణ ప్రకారం, మనిషి దృష్టిని పని మీది నుంచి తన మీదికి మళ్లించే ఫీడ్‌బ్యాక్ దెబ్బ తీస్తుంది. ‘మీలో ఆత్మవిశ్వాసం కనబడలేదు’ అన్న మాట అలాంటిది. విన్న అభ్యర్థి తర్వాతి ఇంటర్వ్యూలో ప్రశ్న వినడం మానేసి, తాను ఆత్మవిశ్వాసంతో కనిపిస్తున్నానా లేదా అని చూసుకుంటూ కూర్చుంటారు. ‘మూడో జవాబులో మొదటి వాక్యం చివర గొంతు తగ్గింది, అంకె వినపడలేదు’ అంటే, తర్వాతిసారి ఆ అంకెను గట్టిగా పలకవచ్చు.

అందుకే మొదట అభ్యర్థిని మాట్లాడిస్తారు. ‘ఏ జవాబు మళ్లీ చెప్పే అవకాశం వస్తే బాగుండుననిపిస్తోంది?’ అని అడిగితే చాలామంది సరైన జవాబునే ఎత్తిచూపుతారు, కాని కారణం తప్పుగా చెబుతారు. మన విద్యార్థిని కూడా అంతే. రిపోర్టు జవాబు బాగా రాలేదని ఆమెకే తెలిసింది. కారణం తన ఇంగ్లిష్ అనుకుంది. కోచ్ నిమిషాల కాగితం ముందు పెట్టారు.

“ఇంగ్లిష్‌లో నాకు అర్థం కానిది ఏమీ లేదు. కాని మూడు నిమిషాల యాభై సెకన్లు విన్నాక కూడా, ఆ రిపోర్టు విషయంలో మీ చేతులతో మీరు చేసిన పని ఏమిటో నాకు తెలియలేదు. అది చెప్పండి.”

“టీమ్ అంతా కలిసి చేశాం కదా. నేను చేశాను అంటే గొప్పలు చెప్పుకున్నట్టు ఉంటుంది.”

“టీమ్‌లో ఎవరేం చేశారు?”

“ఫైళ్లు ఇద్దరు తెచ్చేవారు. క్వెరీలు నేను రాశాను. సరిచూసింది మా లీడ్.”

“ఆ మూడు వాక్యాలూ అలాగే ఇంటర్వ్యూలో చెప్పండి. అందులో గొప్పలేమీ లేవు, ఎవరి పని వాళ్లకే ఉంది.”

ఇంటర్వ్యూకు వచ్చే తెలుగు విద్యార్థుల్లో ఈ ఇబ్బంది తరచుగా కనిపిస్తుంది. తన పేరు ముందుకు తోసుకోకపోవడం మన ఇళ్లలో సంస్కారంగా నేర్పుతారు, అది తప్పేమీ కాదు. కానీ మార్కులు వేసే మనిషి ముందు ఒక కాగితం ఉంటుంది, దాని మీద ఈ అభ్యర్థి చేసిన పనికి మాత్రమే గడి ఉంటుంది. టీమ్ చేసిన పనికి గడి లేదు. ఇతరుల పనిని ఇతరులకే ఇస్తూ తన పనిని తనదని చెప్పడం ఈ రెండింటినీ కలిపే దారి.

కొన్ని కెరీర్ సెంటర్లు మార్కుల పట్టిక కూడా వాడతాయి. అంకెకు అర్థం రాసి ఉంటేనే పట్టిక పనికొస్తుంది. ఫలితం అనే అంశానికి 1 అంటే ఫలితం చెప్పనేలేదు. 3 అంటే చెప్పారు గాని ఎంత, ఎవరి వల్ల అన్నది లేదు. 5 అంటే ఎంతో తెలిసింది, అందులో అభ్యర్థి వంతూ తెలిసింది. ఇలా ఉంటే ‘చాలా సమయం ఆదా అయింది’ అన్న జవాబుకు 3 ఎందుకు వచ్చిందో, 5 కావాలంటే ఏం చేర్చాలో అభ్యర్థికి అడగకుండానే తెలుస్తుంది. అర్థం రాయని 3 మాత్రం మనసు కష్టపెట్టి ఊరుకుంటుంది.

తర్వాతది మళ్లీ చెప్పించడం. ఉపాధ్యాయ శిక్షణ కోసం స్టాన్‌ఫర్డ్‌లో 1960ల్లో తయారైన మైక్రోటీచింగ్ పద్ధతిలో ఇదే కీలకం. చిన్న పాఠం చెప్పడం, దాని వీడియో చూసుకోవడం, దిద్దుకుని అదే పాఠాన్ని మళ్లీ చెప్పడం. మాక్ ఇంటర్వ్యూల్లో సమయం చాలక మొదట ఎగిరిపోయేది ఈ మూడో అంగే. నిజానికి కోచ్ తన అభిప్రాయాలను సగం తగ్గించుకుని అయినా దీనికి ఐదు నిమిషాలు మిగల్చాలి. విన్నది అర్థమైందా లేదా అన్నది అభ్యర్థి తల ఊపడంలో తెలియదు, రెండో జవాబులోనే తెలుస్తుంది. మన విద్యార్థిని రెండోసారి చెప్పింది ఇలా వచ్చింది:

“నేను పనిచేసిన ప్రాజెక్టులో నెలవారీ క్లెయిముల రిపోర్టు 14 ఎక్సెల్ ఫైళ్లను చేత్తో కలిపి తయారయ్యేది. దానికి రెండు రోజులు పట్టేది, ప్రతి నెలా ఏదో ఒక మొత్తం తేడా వచ్చేది. దాన్ని ఫైనాన్స్‌కు పంపే బాధ్యత నాది. మూడు నెలల పాత రిపోర్టులు తీసి తేడాలు ఎక్కడ వస్తున్నాయో చూశాను. దాదాపు అన్నీ రెండు ఫైళ్లలో తేదీలు వేర్వేరు పద్ధతుల్లో ఉండటం వల్లే. ఫైళ్లను ఒక డేటాబేస్ పట్టికలోకి ఎక్కించి, తేదీలను ఒకే రూపంలోకి మార్చే క్వెరీ రాశాను. ఫైళ్లు తెచ్చే పని నా సహోద్యోగులిద్దరిది, నా క్వెరీని మా లీడ్ సరిచూశారు. పాత పద్ధతిని, కొత్త పద్ధతిని రెండు నెలలు పక్కపక్కనే నడిపాం. ఆ తర్వాత రిపోర్టు మూడు గంటల్లో తయారైంది, నేను ఆ ప్రాజెక్టులో ఉన్నంతకాలం ఫైనాన్స్ నుంచి తేడా వచ్చిందన్న ఫోన్ రాలేదు.”

ఇంగ్లిష్‌లో ఇది రెండు నిమిషాల లోపే ముగుస్తుంది. మొదటి జవాబులో లేని కొత్త అనుభవమేదీ ఇందులో లేదు. తేదీల సంగతి ఆమెకు మొదటి నుంచీ తెలుసు, అది ఇంటర్వ్యూలో చెప్పదగ్గ విషయమని అనుకోలేదు. డేటా అనలిస్ట్ ఉద్యోగం ఇచ్చేవాళ్లు వినాలనుకునేది సరిగ్గా ఆ ముక్కే, ఎందుకంటే తేడా ఎక్కడ వస్తోందో వెతకడమే ఆ ఉద్యోగం.

వీడియో గురించి ఒక హెచ్చరిక చెప్పాలి. మొదటిసారి తమను తాము తెర మీద చూసుకున్నవాళ్లు జుట్టు, గొంతు, చేతుల కదలికల దగ్గరే ఆగిపోతారు. అందుకని కోచ్ ఒకటే ప్రశ్న ఇచ్చి చూడమంటారు. ఉదాహరణకు, ప్రతి జవాబులో ‘నేనేం చేశాను’ అన్నది ఎన్నో సెకను దగ్గర మొదలవుతోందో రాసుకురమ్మంటారు. యాస జోలికి పోకూడదు. యాస మార్చే ప్రయత్నం వారంలో తేలేది కాదు, పైగా మాటను కృతకంగా చేస్తుంది. వేగం మాత్రం వారంలో మారుతుంది. కంపెనీ పేరు, సాఫ్ట్‌వేర్ పేరు, అంకె వచ్చినచోట నెమ్మదిస్తే చాలు, మిగతాది అర్థమవుతుంది.

హద్దులు

కెరీర్ కోచ్ సాధారణంగా ఆ రంగంలో పనిచేసిన మనిషి కాదు. క్వెరీ సరైనదా కాదా వారు చెప్పలేరు, దాన్ని అభ్యర్థి ఎంత అర్థమయ్యేలా చెప్పారో మాత్రమే చెప్పగలరు. కోడింగ్ రౌండు, కేస్ ఇంటర్వ్యూ లాంటివాటికి ఆ పని చేస్తున్న పూర్వ విద్యార్థినో, సీనియర్‌నో పట్టుకుని వేరుగా సాధన చేయాలి. అక్కడ ప్రశ్న మారుతుంది, క్రమం ఇదే ఉంచుకోవచ్చు.

ఇద్దరు కోచ్‌ల దగ్గరికి వెళ్తే ఇద్దరూ ఒకటే చెప్పరు. ఒకరు జవాబు ఇంకా వివరంగా ఉండాలంటారు, మరొకరు కుదించమంటారు. అప్పుడు ఇద్దరి అభిప్రాయాలనూ పక్కన పెట్టి, ఇద్దరూ ఏ వాక్యం దగ్గర ఆగారో చూడాలి. ఇద్దరూ ఒకే చోట ఆగి ఉంటే అక్కడ ఏదో లోపం ఉందన్నమాట, మందు మాత్రమే వేరువేరుగా చెప్పారు. ఇక ఒకే ఉద్యోగానికి మూడు నాలుగు మాక్‌లు దాటితే లాభం తగ్గిపోతుంది. జవాబులు నున్నగా అరిగి, అనుబంధ ప్రశ్న వచ్చినా పాత వాక్యాలే బయటికి వస్తుంటాయి. అభ్యర్థి ఆలోచించడానికి ఆగడం పూర్తిగా మానేశారంటే అదే దానికి గుర్తు. అప్పుడు కొత్త మాక్ పెట్టుకోవడం కంటే ఆరో సంఘటన ఒకటి కొత్తగా తయారు చేసుకోవడం మేలు.

మాక్‌లో వచ్చిన మార్కు నిజమైన ఇంటర్వ్యూ ఫలితాన్ని చెప్పదు. కంపెనీ వేరొకరిని ముందే అనుకుని ఉండవచ్చు, స్పాన్సర్‌షిప్ ఇవ్వకూడదని నిర్ణయించుకుని ఉండవచ్చు. పైగా చట్టపరమైన చిక్కులకు వెరచి అక్కడి కంపెనీలు చాలావరకు తిరస్కరించిన అభ్యర్థికి కారణం చెప్పవు. అందుకే నిజమైన ఇంటర్వ్యూ ముగిసిన రోజే, గుర్తున్నంతవరకు అడిగిన ప్రశ్నలన్నీ, అనుబంధ ప్రశ్నలతో సహా, వరుసగా రాసి కోచ్‌కు పంపమంటారు. ఏ ప్రశ్న దగ్గర ఇంటర్వ్యూయర్ ఇంకా లోతుకు వెళ్లారో, ఏ జవాబు తర్వాత వెంటనే వేరే విషయానికి మారిపోయారో అందులో కనిపిస్తుంది. తర్వాతి మాక్‌లో కోచ్ వేసే ప్రశ్నలు ఆ కాగితం నుంచే వస్తాయి.